డ్రీఖ్ వానలో ఫాల్కర్క్ దాకా

ఎడిన్‌బరోలో మూడో రోజు పొద్దున కర్టెన్ పక్కకు లాగితే ఎదురింటి పొగగొట్టాలు కూడా సరిగ్గా కనపడలేదు. వాన అనలేం, మంచు అనలేం. బయటికెళ్తే మాత్రం పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. మేం దిగిన ఇంటావిడ టిఫిన్ పెడుతూ "ఇవాళ డ్రీఖ్‌గా ఉంది" అంది. నేను 'డ్రీక్' అన్నాను. ఆవిడ నవ్వి, గొంతులో గాలి రాసుకునేలా మళ్లీ పలికింది. హైదరాబాద్‌లో ఉర్దూవాళ్లు 'ఖబర్' అంటారే, ఇంచుమించు ఆ ఖకారం. నాలుగోసారికి కుదిరింది.

స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషలోది ఆ మాట. దాని పాత అర్థం ఎంతకీ తెగనిది అని. అందుకే ముసురుకే కాదు, సాగదీసే ఉపన్యాసానికీ డ్రీఖ్ అంటారు. మన 'ముసురు' దగ్గరగానే ఉంటుంది గానీ అందులో ఈ విసుగు లేదు.

ఇంగ్లీషులో నైట్, బ్రైట్ రాసేటప్పుడు మధ్యలో జీ, హెచ్ ఎందుకో బళ్లో ఎవరూ చెప్పలేదు. డిక్టేషన్‌లో అవి వదిలేసి దెబ్బలు మాత్రం తిన్నాం. ఒకప్పుడు వాటిని పలికేవారట. ఇంగ్లీషులో శబ్దం పోయి రాత మిగిలింది. స్కాట్స్‌లో ఇప్పటికీ నిఖ్ట్, బ్రిఖ్ట్ అంటారు. స్కాట్స్‌ను చెడిపోయిన ఇంగ్లీషు అనుకుని వచ్చిన నాకు అక్కడే బుద్ధొచ్చింది. రెండూ పాత ఇంగ్లీషు నుంచి వచ్చినవే. స్కాట్లాండ్‌లోనే మాట్లాడే గేలిక్ మాత్రం పూర్తిగా వేరే భాష.

మధ్యాహ్నం ఫాల్కర్క్‌లో రైలు దిగేసరికి ఎండ కాసింది. టీ కొట్టు పెద్దాయన ఆకాశం చూసి "బ్రా" అన్నాడు. మన లిపిలో ఇబ్బందిగా ఉంది గానీ, లా కాలేజీలో 'లా'లాగే పలకాలి. భేషుగ్గా ఉందని అర్థం. మూలం 'బ్రేవ్'. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు దానికి గొప్పగా, అందంగా అనే అర్థం ఉండేది. స్కాట్స్ చివరి వకారాన్ని మింగేసింది. 'గివ్' గీ అయింది, 'హ్యావ్' హే అయింది.

ఫాల్కర్క్ వాళ్లను బెయిర్న్స్ అంటారు, ఊరి ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరూ అదే. బెయిర్న్ అంటే పిల్ల, పిల్లాడు. ఇంగ్లీషులో కనడాన్ని చెప్పే 'బేర్' దీనికి చుట్టమే. కాబట్టి మన 'కన్నబిడ్డ' అన్నట్టే. మాట నచ్చి మర్నాడు గ్లాస్గోలో ఒకావిడతో "మీ బెయిర్న్ ముద్దుగా ఉంది" అన్నాను. "ఇక్కడ వేన్ అంటామండీ" అని సరిదిద్దింది. 'వీ' అంటే చిన్న, 'ఏన్' అంటే ఒకటి. రెండూ కలిసి వేన్. ఫాల్కర్క్ నుంచి రైల్లో గంట కూడా పట్టని ప్రయాణం, పిల్లకు పేరు మారిపోయింది.

ఇలాంటి కొత్త మాటలతో చిక్కు లేదు, తెలియకపోతే అడుగుతాం. తెలిసినట్టుండేవే ముంచుతాయి. చివరి రోజు ఇంటావిడ "మెసేజెస్‌కి వెళ్తున్నా" అని కోటు తగిలించుకుంది. ఫోన్ టేబుల్ మీదే ఉంది కదా అని నేను వెనకాలే తీసుకుని పరిగెత్తాను. ఆవిడ చేతిలో కూరగాయల సంచీ ఉంది.