మెరుగు వరకే

ఆదివారం మధ్యాహ్నం. బాబు పడుకోగానే నేను రాస్తున్న పరిశోధన పేపర్ ముందేసుకున్నాను. బోర్లు ఎండిన ఊళ్లలో రైతులు వరి మానేసి మొక్కజొన్న వేయడం గురించి. రాసేది ఇంగ్లీషులో, ఆలోచన నడిచేది తెలుగులో. ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు ఎప్పుడూ ఇబ్బంది పెడతాయి. వాటిని సరిచేయడానికి ఏఐ వాడటంలో నాకు మొహమాటమేమీ లేదు.

పేపరంతా ఒకేసారి ఇవ్వను. ఒక్కో పేరా ఇచ్చి, తిరగరాయొద్దు, తప్పులు చూపించి కారణం చెప్పమంటాను. అయినా అది అంతటితో ఆగదు. అందుకే నా డ్రాఫ్ట్‌ను తేదీ వేసి వేరుగా దాచుకుని, సవరించినదాన్ని వర్డ్‌లో Review కింద Compare పెట్టి చూస్తాను. ఏ మాట పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో రంగుల్లో కనిపిస్తుంది. ఒక్కో మార్పునీ విడిగా ఒప్పుకోవడమో, కాదనడమో చేయాలి. విసుగ్గానే ఉంటుంది. అన్నీ ఒకేసారి ఒప్పేసుకునే బటన్ పక్కనే ఊరిస్తుంటుంది మరి!

ఇవాళ్టి పేరాలో నేను రాసిందాని సారం ఇది: బోరు ఎండినవాళ్లలో చాలామంది మొక్కజొన్న వేశారు, కూలీలు దొరకకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. తిరిగొచ్చింది: భూగర్భజలాలు తగ్గడం వల్ల రైతులు మొక్కజొన్నకు మళ్లారు. వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. కానీ నా దగ్గరున్నవి రైతులతో మాట్లాడి రాసుకున్న నోట్సు. నీళ్లే కారణమని తేల్చే లెక్క నేను చేయలేదు. "కావచ్చు" పోయింది, కూలీల సంగతీ పోయింది. చూపించిన కారణం మాత్రం "వాక్యం క్లుప్తంగా ఉంటుంది" అని. రేపు రివ్యూయర్ ఆధారం అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. కాబట్టి కామాల కంటే ముందు క్రియలు, "కొందరు", "బహుశా", "అనిపిస్తోంది" లాంటి మాటలు చూస్తాను. దొంగతనం జరిగేది అక్కడే.

సాయంత్రం నాతో పాటు ఊళ్లు తిరిగిన అక్కకి ఫోన్ చేసి, స్క్రీన్ చూడకుండా మార్చిన వాక్యాలన్నీ తెలుగులో చెప్పాను. ఒకచోట ఆపింది. "అట్లా ఎవరన్నారే? ఆ ముసలాయన ఒక్కడే కదా అన్నది?" నిజమే, "ఒక రైతు" కాస్తా "రైతులు" అయిపోయాడు. నా పాత వాక్యమే తిరిగి పెట్టి, వదిలేసిన ఆర్టికల్ మాత్రం చేర్చాను.

పాత డ్రాఫ్టులు దాచడానికి ఇంకో కారణం ఉంది. 2023లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనంలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవేనని డిటెక్టర్లు పొరపాటుగా తేల్చాయి. ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి తేదీలున్న ఆ ఫైళ్లూ, ఫీల్డ్ నోట్సూ ఉండాలి.

ఏఐ వాడకాన్ని ఎంతవరకు చెప్పాలన్నది ఒక్కో పత్రిక ఒక్కోలా అంటుంది. మేం పంపేచోట చెప్పమన్నారు. చివర్లో ఒక వాక్యం రాశాను: భాష సవరణకు ఏఐ వాడాం, ప్రతి మార్పునూ రచయితలు చూశారు, బాధ్యత రచయితలదే. ఆ వాక్యాన్ని మాత్రం దేనికీ చూపించలేదు. అందులో ఒక "ద" ఎక్కువైందని అక్క అంటోంది.