ఫొటోలు చూసి పిల్లికూన వయసు లెక్కగట్టిన నా అనుభవం

జూలై 6న సాయంత్రం రాజమండ్రిలో మా వీధి చివరి బియ్యం కొట్టు వెనుక, ఖాళీ గోనెసంచుల మధ్య ఒక పిల్లికూన అరుస్తూ కనిపించింది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు చెప్పే మాటను గుర్తుంచుకొని, తల్లి వచ్చి తీసుకుపోతుందేమోనని దూరంగా నిలబడి నాలుగు గంటలు చూశాము. రాత్రి తొమ్మిదింటికి వాన మొదలైంది. తల్లి జాడ లేదు, కూన ఒళ్ళు చల్లబడుతోంది. అప్పుడు ఇంటికి తెచ్చి, తువ్వాలులో చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పడుకోబెట్టాము. ఒళ్ళు చల్లగా ఉన్న కూనకు పాలు పడితే అరగవని తెలుసు కాబట్టి, వెచ్చబడేదాకా చుక్క కూడా పట్టలేదు.

అక్కడి వరకు కష్టం లేదు. దాని వయసెంతో తేల్చుకోవడమే మమ్మల్ని రెండు రోజులు తిప్పలు పెట్టింది. వయసు తెలియకపోతే ఏమి పెట్టాలో, ఎన్ని గంటలకొకసారి పెట్టాలో, దానంతట అది మూత్రం పోస్తుందో లేక తడి దూదితో తుడిచి పోయించాలో ఏదీ తెలియదు. రెండు వారాల కూనకు, నాలుగు వారాల కూనకు ఈ మూడు విషయాల్లోనూ చాలా తేడా ఉంటుంది.

మరునాడు ఉదయం పశువైద్యశాలకు వెళ్ళాను. కూనను వానలో మళ్ళీ తిప్పడం ఇష్టం లేక ఫోనులో తీసిన ఒక్క ఫొటో పట్టుకుపోయాను. డాక్టరుగారు ఊళ్ళో లేరు. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి ఫొటోను రెండు క్షణాలు చూసి, "ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు, పిడికెడంత కూడా లేదు, దీనికి పది రోజులు కూడా ఉండవు" అన్నాడు. అంతటితో ఆగలేదు. కుక్కలను పట్టుకొని వరుసలో కూర్చున్న ఏడెనిమిది మంది వినేలా, "కళ్ళు తెరవని కూనను తల్లి దగ్గర నుంచి ఎత్తుకొచ్చేశారు, చదువుకున్నవాళ్ళకు ఆ మాత్రం తెలియదా, ఈ పాపం ఊరికే పోతుందా" అని గట్టిగా మందలించాడు. నాలుగు గంటలు కాపలా కాసిన మనిషిని, ఒక్క మాట బదులు చెప్పలేక తల వంచుకొని బయటికి వచ్చాను. ఇప్పుడు ఇది రాస్తున్నా ముఖం వేడెక్కుతోంది. ఒక మనిషి పాపపుణ్యాల గురించి తీర్పు చెప్పే ముందు, ఆ కూన నోరు ఎలా ఉందని ఒక్క ప్రశ్నయినా అడగవలసింది.

అయినా ఆయన మాట నమ్మి, ఆ రోజంతా రెండు గంటలకొకసారి సిరంజితో పాలు పట్టడానికి ప్రయత్నించాము. కూన పాలు తాగలేదు సరికదా, సిరంజి చివరను కొరికి నలిపేసింది, నా వేలికి రెండు చోట్ల గుచ్చుకుంది. పది రోజుల కూనకు కొరకడానికి పళ్ళెక్కడివి? ఆ ప్రశ్న నాకు ఆ రాత్రి వచ్చింది. మా చెల్లెలి స్నేహితురాలు ఒకామె ఎన్నో ఏళ్ళుగా తల్లిలేని కూనలను పెంచుతోంది. ఆమెకు ఫొటోలు పంపాను.

ఆమె ముందు బరువు అడిగింది. వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి తూచితే 240 గ్రాములు. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములు ఉంటుందని, సరిగా పాలు దొరికితే వారానికి మరో 100 గ్రాముల చొప్పున పెరుగుతుందని చెప్పింది. ఆ లెక్కన మా కూనకు పది రోజులు, మహా అయితే రెండు వారాలు. అంటే కౌంటరు మనిషి మాటే నిజమవుతున్నట్టు కనిపించింది. కానీ ఆమె ఇలా అంది: "అక్కా, ఆకలితో ఉన్న కూన బరువు ఎప్పుడూ వయసును తగ్గించి చూపిస్తుంది. పొట్ట మాడితే కండ పెరగడం ఆగిపోతుంది కానీ, పళ్ళు రావడం అంతగా ఆగదు. మీరు పంపిన ఫొటోల్లో నాకు పళ్ళు కనబడడం లేదు, చెవి సగమే కనబడుతోంది, కన్ను ఒకటే కనబడుతోంది. రేపు పగటి వెలుతురులో మళ్ళీ తీసి పంపండి."

మర్నాడు మొదట కన్ను సంగతి తేలింది. కూనలకు కళ్ళు సాధారణంగా పుట్టిన 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ఇంకా తెరుచుకోని కంటి రెప్పల మధ్య సన్నని గీత శుభ్రంగా, పొడిగా ఉంటుంది. మా కూన మూసిన కంటిని దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, రెప్పల అంచున పసుపుపచ్చని పుసి గట్టిపడి ఉంది, లోపలి మూలన వెంట్రుకలు తడిసి అతుక్కున్నాయి. అది తెరుచుకోని కన్ను కాదు, జబ్బుతో అతుక్కుపోయిన కన్ను. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదిని కాసేపు అలాగే ఆనించి ఉంచి, పుసి మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి బయటికి నెమ్మదిగా తుడిస్తే, రెప్ప దానంతట అదే విడింది. బలవంతంగా విడదీయకూడదు. లోపల కన్ను ఎర్రగా ఉన్నా, రెండో కంటిలాగే పూర్తిగా తెరుచుకొని, నీలంగా ఉంది. ఆ నీలం కూడా నాకు పెద్దగా ఉపయోగపడలేదు, ఎందుకంటే కూనలన్నింటికీ కళ్ళు మొదట నీలంగానే ఉండి, ఆరేడు వారాలకు గాని అసలు రంగుకు తిరగడం మొదలుపెట్టవు. కన్ను నాకు చెప్పింది ఒకటే: దీనికి రెండు వారాలు దాటాయి, ఆరు వారాలు ఇంకా నిండలేదు.

చెవుల ఫొటో కూడా మొదట తప్పుగానే తీశాను. నిలబడి పైనుంచి తీస్తే చెవులు తలకు అతుక్కున్నట్టు వచ్చాయి. పైగా భయపడిన కూన చెవులు వెనక్కి వాలుస్తుంది, అప్పుడు అది పసికందులా కనిపిస్తుంది. నిజంగా పసికూన చెవులు చిన్నగా ముడుచుకొని, రంధ్రం మూసుకొని ఉంటాయి. వారం నిండే సరికి విచ్చుకోవడం మొదలుపెట్టి, మూడు వారాలకు నిటారుగా నిలబడతాయి. నేల మీద బోర్లా పడుకొని, ఫోనును కూన ముఖం ఎత్తుకు దించి, మా అబ్బాయి పక్క నుంచి కాగితం గరగరలాడించినప్పుడు తీసిన ఫొటోలో రెండు చెవులూ త్రికోణాల్లా నిలబడి, లోపలి రంధ్రం తెరుచుకొని స్పష్టంగా కనిపించాయి. ఇక మూడు వారాలకు తక్కువ కాదు.

పళ్ళ ఫొటో మాత్రం మా సహనాన్ని పరీక్షించింది. నలభైకి పైగా తీస్తే పనికివచ్చినవి మూడు. ఫ్లాష్ వేస్తే తడి చిగురు మెరిసి, చిగురేదో పన్నేదో తెలియకుండా అంతా తెల్లగా వచ్చింది. ఫోనును మరీ దగ్గరికి తీసుకువెళ్తే మసక వచ్చింది, తల ఒంటి కంటే పెద్దదిగా కూడా కనిపించింది. చివరికి కుదిరిన పద్ధతి ఇది: కూనను మెడ దాకా తువ్వాలులో చుట్టి మావారు ఒడిలో పెట్టుకొని కిటికీ దగ్గర కూర్చున్నారు. నోరు తెరవకుండానే, పై పెదవిని బొటనవేలితో కొద్దిగా పైకి జరిపారు. నేను ఒక మూర దూరం నుంచి జూమ్ చేసి ఫొటోకు బదులు వీడియో తీశాను, తరువాత అందులో నుంచి కదలని క్షణాలను ఆపి ఫొటోలుగా దాచుకున్నాను. ముందు నుంచి ఒకటి, పక్క పెదవిని జరిపి మరొకటి తీయాలి. ఈ రెండోది చాలామంది తీయరు, అసలు సమాచారం అందులోనే ఉంది.

ముందు ఫొటోలో నూకల్లాంటి పళ్ళు పైన ఆరు, కింద ఆరు ఉన్నాయి. వాటికి రెండు వైపులా సూది మొనల్లాంటి కోరపళ్ళు పూర్తిగా బయటికి వచ్చి ఉన్నాయి. పక్క ఫొటోలో కోరపన్ను వెనుక చిగురు నున్నగా, ఖాళీగా ఉంది. ముందరి పళ్ళు మూడో వారంలో, కోరపళ్ళు మూడు నుంచి నాలుగు వారాల మధ్య, దవడ పళ్ళు ఐదారు వారాలకు వస్తాయి. అంటే కోరలు వచ్చి, దవడ పళ్ళు ఇంకా రాని ఈ కూనకు సుమారు నాలుగు వారాలు. అటూ ఇటూ ఒక వారం తేడా ఉండవచ్చని ఆమె ముందే చెప్పింది. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి తీసిన ఒంటి ఫొటోను చూసి, "తల పెద్దగా, ఒళ్ళు సన్నగా, వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఇది చిన్న కూన కాదక్కా, తిండిలేని కూన" అంది. నాలుగు వారాలకు 400 గ్రాములు దాటవలసినది 240 దగ్గర ఆగిపోయిందంటే అర్థం అదే.

ఆ రోజు నుంచి సిరంజి పక్కన పెట్టి, కూనల పాలపొడి కలిపిన పాలలో కూనల మెత్తని తిండిని జావలా కలిపి పళ్ళెంలో పెడితే, మూతి ముంచి దానంతట అదే నాకింది. ఆవు పాలు ఇవ్వలేదు, అవి చాలా కూనలకు విరేచనాలు తెస్తాయి. బాగా చిక్కిపోయింది కాబట్టి నాలుగు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పెట్టాము. కంటికి మాత్రం వేరే వైద్యుని దగ్గరికి కూననే తీసుకువెళ్ళి, చుక్కల మందు రాయించుకున్నాను. మనిషికి వాడే కంటిచుక్కలు ఇంట్లో ఉన్నాయని వేయకండి.

మా లెక్క నిజమో కాదో ఆ తరువాతి రోజులే చెప్పాయి. జూలై 15న పక్క పెదవిని జరిపి చూస్తే కోర వెనుక చిగురును చీల్చుకొని తెల్లని మొన ఒకటి కనిపించింది, అంటే ఐదు వారాలు దాటాయి. జూలై 24న కిటికీ దగ్గర తీసిన ఫొటోలో కంటిపాప చుట్టూ నీలం వెలిసి, ఆకుపచ్చ కలిసిన పసుపు తొంగిచూసింది, అంటే ఆరు వారాలు దాటాయి. ఒక్కొక్క ఫొటో వేరువేరుగా చెప్పిన వయసులన్నీ వెనక్కి లెక్కిస్తే జూన్ రెండో వారానికే చేరాయి. ఒకే ఫొటోతో వయసు తేల్చేవారిని, వాళ్ళు ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా, నమ్మవద్దు.

నిన్న, జూలై 27న, కంటిని చూసిన వైద్యుని దగ్గరికే మళ్ళీ తీసుకువెళ్ళాను. ఆయన నేనేమీ చెప్పకముందే కూన నోరు తెరిచి చూసి, కార్డు మీద ఏడు వారాలని రాసి, మొదటి టీకా వేశారు. కూన ఇప్పుడు 590 గ్రాములు. పాల పళ్ళు రాలి ముందరి పెద్ద పళ్ళు రావడం మూడున్నర నుంచి నాలుగు నెలల మధ్య కాబట్టి, సెప్టెంబరు చివరి వారం నుంచి మళ్ళీ అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి ఫొటోలు తీయాలని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను.