పదిహేను మందికి ఉగాది భోజనం, మూడు వేల బడ్జెట్, రెండు పొయ్యిలు – నా అనుభవం

2025 ఉగాది మార్చి 30, ఆదివారం పడింది కదా, అందరికీ సెలవు కాబట్టి ఈసారి అందరూ మా ఇంటికే వస్తామన్నారు. మేం నలుగురం, అత్తయ్య మామయ్య, మా ఆడపడుచు వాళ్ళు నలుగురు, మరిది వాళ్ళు ముగ్గురు, మా పిన్ని బాబాయ్, మొత్తం పదిహేను మంది. మాది విజయవాడలో అద్దె ఇల్లు, వంటింట్లో రెండు బర్నర్ల స్టవ్ ఒకటి, కరెంట్ కుక్కర్ ఒకటి. నెలాఖరు కాబట్టి మా ఆయన మూడు వేల లోపు అయిపోవాలన్నారు, బియ్యం ఎలాగూ ఇంట్లో ఉన్నాయి.

ముందేడాది ఎనిమిది మందికి వండడానికే నేను చాలా అవస్థ పడ్డాను. గారెల పిండి ముందు రోజు సాయంత్రమే రుబ్బి బయట పెట్టేశాను, పొద్దునకి అది పులిసి జారుగా అయిపోయి గారెలు నూనె పీల్చేశాయి, రెండున్నర అయినా ఇంకా వడ్డించలేదు, మామయ్యకి షుగర్ ఉంది, ఆయన ఆకలితో అలా కూర్చుని ఉంటే నాకు ఏడుపొచ్చేసింది. ఈసారి మాత్రం పన్నెండున్నరకి ఆయన ముందు కంచం ఉండాలి అని గట్టిగా అనుకున్నా.

అప్పుడు ఆలస్యం ఎక్కడ అయిందో కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, వంటకాలు ఎక్కువై కాదు, పదిన్నర తర్వాత ప్రతిదానికీ పొయ్యి కావాల్సొచ్చింది. అందుకని ఈసారి కాగితం మీద వంటకాల లిస్టు రాయలేదు, ఎడమ పొయ్యి, కుడి పొయ్యి అని రెండు గళ్ళు గీసి, పన్నెండున్నర నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఏ గంటలో ఏ పొయ్యి మీద ఏముంటుందో రాసుకున్నా. ఖాళీ లేని చోట రెండోది రాయాల్సొస్తే ఆ వంటకం ముందు రోజుకి వెళ్ళాలి, లేదా మానేయాలి. పన్నీర్ కూర, సేమ్యా పాయసం అలాగే పోయాయి, డబ్బులూ మిగిలాయి. ఉగాది పచ్చడి, బొబ్బట్లు, పులిహోర, గారెలు, మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, కట్టు చారు, పెరుగు, ఇంతే.

పప్పులు, బెల్లం, నూనె పది రోజుల ముందే కొనేశా. నూనె రెండు లీటర్లు, నెయ్యి పావుకిలో, ఎక్కువ డబ్బు వీటికే అయింది. కిరాణా మొత్తం 1,300 దాకా, కూరగాయలు మామిడికాయలు కొబ్బరికాయలు పూలు అన్నీ కలిపి 790, మూడు లీటర్ల పాలు 190, పిల్లలకి కూల్ డ్రింక్ 120. మొత్తం 2,400. వేప పువ్వు మాత్రం కొనలేదు, మా వీధి చివర చెట్టుంది, పిల్లలే కోసుకొచ్చారు. అరిటాకులు పండగ పొద్దున రేటు పెంచేస్తారని మానేసి స్టీలు కంచాలే పెట్టా.

శుక్రవారం రాత్రి పులిహోర గుజ్జు చేసేశా. పావుకిలో చింతపండు నానబెట్టి గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, ఇంగువ వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాలో పెట్టా, ఫ్రిజ్‌లో వారం ఉన్నా పాడవదు.

శనివారం అసలు పని పూర్ణానిది. ముప్పావు కిలో శనగపప్పు గంట నానబెట్టి, బద్ద వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోవాలి కానీ గిన్నెలో ముద్ద అయిపోకూడదు, అంతవరకే ఉడికించి చిల్లుల గిన్నెలో వేసి నీళ్ళు పూర్తిగా వార్చేశా. ఆ వార్చిన నీళ్ళే కట్టు చారుకి, పారబోయకండి. తర్వాత ముప్పావు కిలో బెల్లం కలిపి ఉడికించి రుబ్బా, చల్లారాక చూస్తే ఉండ చేతిలో నిలబడట్లేదు, అరచేతికి అంటుకుని చదునుగా పడిపోతోంది. బెల్లం నీరు ఇంకా పూర్తిగా ఇగరలేదన్నమాట. మళ్ళీ మందపాటి బాండీలో వేసి సన్న సెగ మీద పదిహేను నిమిషాలు తిప్పుతూనే ఉన్నా, గరిట మధ్యలో గుచ్చితే పడిపోకుండా నిలబడ్డాక దించా. ఇదే పండగ పొద్దున జరిగి ఉంటే నా పొయ్యి గళ్ళన్నీ తారుమారైపోయేవి. ముప్పై ఆరు ఉండలు వచ్చాయి. తోపు పిండి కూడా ఆ రాత్రే మైదాతో మెత్తగా కలిపి పైన నూనె పోసి మూత పెట్టా. దొండకాయలు మా ఆయన, పిల్లలు టీవీ చూస్తూ కోసిచ్చారు. నిజానికి వంకాయ చేద్దామనుకున్నా కానీ రాత్రే కోసి పెడితే నల్లబడుతుంది. పదింటికి పాలు తోడేశా, ఆ ఎండాకాలానికి పొద్దున ఐదుకల్లా గట్టిగా తోడుకుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేశా, లేకపోతే మధ్యాహ్నానికి పుల్లబడేది.

ఆదివారం ఐదింటికి లేవగానే మినప్పప్పు ముప్పావు కిలో నానబెట్టి అప్పుడు స్నానానికి వెళ్ళా. ఏడింటికి పచ్చడి, ఎనిమిదింటికి పూజ అయిపోయింది. ఎనిమిదిన్నరకి మిక్సీ. గారెల సంగతి ఇక్కడ జాగ్రత్తగా వినండి, మిక్సీ వేడెక్కితే పిండి కూడా వేడెక్కి పలచనవుతుంది, కాబట్టి కొంచెం కొంచెం వేసి ఫ్రిజ్ నీళ్ళు చిలకరిస్తూ రుబ్బుకోవాలి. గిన్నెలో నీళ్ళు పెట్టి చిటికెడు పిండి వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలి. ఉప్పు మాత్రం అప్పుడే వేయకూడదు, వేస్తే నీరు వదిలేస్తుంది, నూనె కాగాకే కలుపుకోవాలి. పిండి మూత పెట్టి ఫ్రిజ్‌లోకి పంపేశా. కరెంట్ పోయే భయం కూడా ఉంది కాబట్టి మిక్సీ పనులన్నీ తొమ్మిదిన్నర లోపే అయిపోయాయి.

అక్కడి నుంచి పదకొండు దాకా ఎడమ పొయ్యి మీద పెనం, బొబ్బట్లు. మా పిన్ని తొందరగా వచ్చేసింది, తను వత్తుతుంటే నేను కాల్చా. కుడి పొయ్యి మీద ముందు కుక్కర్‌లో మామిడికాయ పప్పు, తర్వాత చారు. కరెంట్ కుక్కర్‌లో పులిహోర అన్నం, అవగానే పళ్ళెంలో ఆరబోసి పసుపు, నూనె కలిపేశా. పదకొండుకి గుజ్జు, వేరుశనగ పోపు కలిపితే పులిహోర అయిపోయింది, కుక్కర్ కడిగి తెల్లన్నం పెట్టేశా. పదకొండుంపావు నుంచి ఎడమ పొయ్యి మీద దొండకాయ.

పదకొండున్నరకి కుడి పొయ్యి పూర్తిగా ఖాళీ. ముందేడాది ఆ టైంకి నేను ఉరుకులు పరుగుల మీద ఉన్నా, ఈసారి చీర మార్చుకుని అత్తయ్యతో పది నిమిషాలు కూర్చున్నా. పన్నెండుకి నూనె పెట్టా, పిండిలో ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి కలిపి మొదటి వాయి వేశా, గారెలు బాండీలో గుండ్రంగా పొంగి తేలాయి, చుట్టూ బుడగలు తగ్గగానే తీసేశా, పేపర్ మీద పెడితే నూనె మరక కూడా పెద్దగా అంటలేదు.

పన్నెండు నలభైకి మొదటి పంక్తి, ఎనిమిది మంది, పెద్దవాళ్ళు, పిల్లలు. అనుకున్నదానికి పది నిమిషాలు లేటు, మామయ్య కంచంలో అన్నం, పప్పు మాత్రం అందరికంటే ముందే పడ్డాయి. రెండో పంక్తిలో మేం ఏడుగురం కూర్చుంటే అత్తయ్య లేచి, "నువ్వు కూర్చో అమ్మా, నేను వేస్తా" అని వేడి గారెలు తనే తెచ్చి వేశారు.

లెక్క తప్పింది ఒక్క గారెల్లోనే. ముప్పావు కిలో పప్పుకి నలభై ఎనిమిది వచ్చాయి, మొదటి పంక్తి వాళ్ళే ముప్పై దాకా తినేశారు, మాకు మనిషికి రెండు, ఒకళ్ళిద్దరికి మూడు. బొబ్బట్లు మాత్రం ఆరు మిగిలితే ఆడపడుచు వాళ్ళకి కట్టిచ్చా. వచ్చే ఉగాదికి మినప్పప్పు కిలో అని ఆ కాగితం మీదే ఎర్ర పెన్నుతో రాసి ఫ్రిజ్ పైన పెట్టుకున్నా.