వేపచెట్టు కింద పది నిమిషాలు

మా స్పిన్నింగ్ మిల్లులో ఎవరైనా రిటైరైతే పెద్ద సభ పెట్టరు. మెషిన్లు ఆపరు కదా, అందుకని. మధ్యాహ్నం మూడింటికి ఏ షిఫ్టు దిగి బీ షిఫ్టు ఎక్కే వేళ టైమాఫీసు పక్కన వేపచెట్టు కింద ఒక బల్ల, ఒక మైకు, పళ్లెంలో మిఠాయి, కారప్పూస. 3:15కి ఊళ్లకు వెళ్లే బస్సు కదులుతుంది, డ్రైవరు ఎవరికోసమూ ఆగడు. దండా శాలువా పోను మాట్లాడేవాడికి మిగిలేది పది నిమిషాలు. 1989లో అప్రెంటిస్‌గా చేరి 2023లో 58 ఏళ్లు నిండి దిగిపోయిన నాకూ అంతే ఇచ్చారు.

మైకు అంటే నాకు భయం. ముప్పై నాలుగేళ్లు నూలు వడికే రింగ్ ఫ్రేముల షెడ్డులో పని చేసినవాడికి నోటితో మాట్లాడే అలవాటు తక్కువ. ఆ రొదలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అన్నీ సైగలే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగులు తెగుతున్నాయని, పిడికిలి పైకెత్తి తిప్పితే నిండిన కండెలు తీసే డాఫింగ్‌కి రమ్మని, చెవి పట్టుకుంటే మేనేజరు వస్తున్నాడని. అందుకే రెండు వారాల ముందే మా అల్లుణ్ణి ఒక ప్రసంగం రాసిపెట్టమన్నాను. చక్కగా రాశాడు. 'ఈ సంస్థ నాకు తల్లి వంటిది' అని మొదలెట్టి రెండు పేజీలు. ఇంట్లో చదివితే పద్నాలుగు నిమిషాలు పట్టింది, అందులో పెద్దల పేర్లకే రెండు నిమిషాలు. మా ఆవిడ పప్పు ఏరుతూ అంతా విని, "రోజూ ఇంటికొచ్చి తిట్టుకునేవాడివి కదా, వాళ్లు ఒక్కరూ లేరేంది ఇందులో?" అంది.

ఆ కాగితాలు మడిచి పక్కన పెట్టేశాను. మర్నాడు టైమాఫీసు గుమస్తాని అడిగి, బీరువాలో చెదలు పట్టగా మిగిలిన పాత షిఫ్టు లాగ్‌బుక్కులు తీయించాను. ఎవరు నాకేం చేశారో జ్ఞాపకంలో కన్నా అందులోనే సరిగ్గా ఉంటుందనిపించింది. వాటిలో 2012 నాటి పుస్తకం ఒకటి చేతికి తగిలింది. నేను మాట్లాడాల్సింది అంతా అందులోనే ఉంది.

ఆ ఏడాది సంగతి మా జిల్లా మిల్లుల్లో పనిచేసిన ఎవరికైనా గుర్తుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. చెప్పి తీసే కోత ఒక ఎత్తు, చెప్పకుండా పోయే కరెంటు ఒక ఎత్తు. చెప్పి తీస్తే, పోగుని కండెకు చుట్టే రింగ్ రైలుని కిందికి దించి, ఫ్రేముని నిదానంగా ఆపుకుంటాం. మళ్లీ తిప్పినప్పుడు పోగులు పెద్దగా తెగవు. చెప్పకుండా పోతే ఎక్కడి పోగు అక్కడే వదులైపోయి మెలిపడుతుంది. షెడ్డులో తేమ ఇచ్చే ప్లాంటు కూడా ఆగిపోతుంది. దూదికి తేమ కావాలి. మా షెడ్డులో తేమ అరవై శాతం దగ్గర ఉంటేనే పోగు మాట వింటుంది. ఎండాకాలంలో అరగంట ప్లాంటు ఆగితే దూది పొడిబారి రోలర్లకు అంటుకోవడం మొదలెడుతుంది.

మా షెడ్డులో పన్నెండు ఫ్రేములు, ఒక్కోదానికి 1008 స్పిండిళ్లు, స్పిండిలుకి ఒక పోగు. ఒకరోజు ఉదయం పదిన్నర దాటాక కరెంటు పోయింది, ముప్పావుగంటకి వచ్చింది. ప్రొడక్షన్ పోతోందన్న ఆదుర్దాలో నేను పన్నెండు ఫ్రేములూ ఒక్కసారే తిప్పమన్నాను. ప్లాంటు అందుకునేదాకా కూడా ఆగలేదు. ఒక్కో ఫ్రేములో నూట యాభై దాకా పోగులు తెగాయి. తెగిన పోగులు అతికే సైడర్లు నా దగ్గరున్నది ఆరుగురు, మనిషికి రెండు ఫ్రేములు, అంటే మనిషికి మూడు వందల పోగులు. నడవడంతో కలిపి ఒక పోగు అతకడానికి పన్నెండు సెకన్లనుకున్నా గంట పని.

గంటలో అయిపోతే బాగానే ఉండేది. తెగిన చోట దూది రావడం ఆగదు. అతికేదాకా రోలరు దాన్ని వదులుతూనే ఉంటుంది. కింద గొట్టం కొంత పీల్చుకుంటుంది, అది వేస్టు. మిగిలింది రోలరుకి చుట్టుకుంటుంది, పక్క పోగుని కూడా లాగి తెంపుతుంది. నూట యాభై కాస్తా రెండు వందలు, మూడు వందలు అవుతుంది. సైడరు ఆ చివర అతుకుతుంటే ఈ చివర తెగుతుంటాయి. పన్నెండింటికి చూస్తే షెడ్డంతా మంచు పడ్డట్టు దూది. రోలర్ల మీద చుట్టుకున్నదాన్ని త్వరగా తీద్దామని ఒక కొత్త కుర్రాడు కత్తి పట్టాడు. పైరోలరుకి ఉండే రబ్బరు తొడుగు మీద గాటు పడితే, ఆ రోలరు కింద నుంచి వచ్చే నూలు తొడుగు మార్చేదాకా ఎగుడుదిగుడుగానే వస్తుంది. ఇరవై నాలుగు తొడుగులు పోయాయి ఆ రోజు. లాగ్‌బుక్కులో నా చేతిరాతే ఉంది: 'కాట్స్ 24 డ్యామేజి, వర్కర్ల అజాగ్రత్త.' పదకొండేళ్ల తర్వాత ఆ వాక్యం చదివి కాసేపు పేజీ తిప్పలేదు.

ఆ గందరగోళంలోనే మా సైడర్లలో అందరికన్నా పెద్దావిడ, మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం, చేయిపట్టి నన్ను తలుపు బయటికి లాక్కొచ్చింది. లోపల వినపడదు కదా.

"ఏంది సారూ ఇది? పన్నెండూ ఒక్కపాలే తిప్పితే ఏ పోగని అతికేది? ఒకటి తిప్పు. అందరం దాని మీదే పడతాం. అయిపోయినాక రెండోది."

"అప్పుడు మిగతా పదకొండు ఖాళీగా ఉండవా పెద్దమ్మా?"

"ఖాళీగా ఉంటే దూదన్నా మిగులుద్దిగా!"

ఆ రోజు వినలేదు. సూపర్వైజర్నని పొగరు. మూడు రోజుల తర్వాత మళ్లీ కరెంటు పోయి వచ్చినప్పుడు విన్నాను. ముందు ప్లాంటు తిప్పి ఇరవై నిమిషాలు ఆగాం. ఆ ఇరవై నిమిషాల్లో డాఫర్లు ఆగి ఉన్న ఫ్రేముల మీద వదులు పోగుల్ని చేత్తో సర్దారు, రోలర్ల మీది చెత్త తీశారు. తర్వాత ఒకటో నంబరు ఫ్రేము తిప్పాం. సైడర్లు ఆరుగురూ చెరో పక్క ముగ్గురు చొప్పున దాని మీద పడ్డారు. నూట యాభై పోగులు, మనిషికి పాతిక, అయిదారు నిమిషాల్లో ఫ్రేము పట్టాలెక్కింది. దాన్ని ఒక్క మనిషికి అప్పజెప్పి రెండోదానికి పోయారు. మనుషులు తగ్గేకొద్దీ కాస్త నిదానించింది, ఆఖర్న డాఫర్లూ చేతులు కలిపారు. కరెంటు వచ్చిన రెండు గంటల లోపే పన్నెండూ తిరుగుతున్నాయి. రబ్బరు తొడుగు ఒక్కటి పోలేదు. మొదటిసారి షిఫ్టు దిగేదాకా కూడా షెడ్డు కుదుటపడలేదు.

దీనికి మేనేజ్‌మెంటు మీటింగులో నాకు మెచ్చుకోలు దక్కింది. పెద్దమ్మ పేరు నేను చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఇన్నాళ్లూ నాకు తెలుసు.

ఇంకోటి ఉంది, ఇది చెప్పాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించాను. ఆ కోతల రోజుల్లో పొద్దున ఏడింటికి బస్సు దిగిన జనానికి గేటు దగ్గరే 'ఇవాళ కరెంటు లేదు, పొండి' అని చెప్పే పని నాది. పర్మనెంటు వాళ్లకి లేఆఫ్ కింద సగం జీతమన్నా వస్తుంది. ఎవరైనా రానప్పుడు వాళ్ల బదులు పిలిచే బదిలీ కార్మికులకి చట్టంలో అదీ లేదు. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని తిప్పి పంపాలో జాబితా రాసింది నేనే. ఇళ్లలో ఎవరి పరిస్థితి ఏమిటో తెలిసే రాశాను. ఒకామె టిఫిన్ క్యారేజీ అక్కడే తెరిచి, గోడ నీడన కూర్చుని పొద్దున ఏడున్నరకే మధ్యాహ్నం అన్నం తినేసి వెళ్లింది. ఇంటికి తీసుకెళ్తే పని లేదని తెలిసిపోతుందట.

2020 లాక్‌డౌన్ గురించి కూడా రాసుకున్నాను కానీ టైము సరిపోక నాలుగు వాక్యాలకు కుదించాను. ఒడిశా కుర్రాళ్లు హాస్టల్లో ఇరుక్కుపోవడం, మే నెలలో శ్రామిక్ రైళ్లు మొదలయ్యాక సగం మంది వెళ్లిపోవడం, తిరిగి వచ్చింది కొందరే కావడం. వాళ్ల కోసం ఆ నాలుగు వాక్యాలూ హిందీలో చెప్దామని తెలుగు లిపిలో రాసుకుని బట్టీపట్టాను.

ఆ రోజు దండ పడ్డాక గడియారం చూస్తే 3:04. కాగితం తీశాను, చేతులు వణికాయి. చూసి చదవడం మానేసి, 2012 లాగ్‌బుక్కు ఎత్తి చూపించాను. "ఇందులో నేను రాసిన ఒక అబద్ధం ఉంది, దిగిపోయే ముందు దిద్దుకుంటాను" అన్నాను. మేనేజరు ముఖం చూడలేదు, చూస్తే ఆగిపోయేవాణ్ణి. తొడుగులు పోయింది వర్కర్ల అజాగ్రత్త వల్ల కాదని, నా తొందర వల్లనని చెప్పాను. ఒక్కొక్క ఫ్రేమే తిప్పే పద్ధతి ఎవరిదో చెప్పాను. పెద్దమ్మ 2016లోనే మానేసింది, ఆమె కోడలు బీ షిఫ్టులో ఉంది, గుంపు వెనకాల నిలబడి విన్నది. 2022 ఏప్రిల్లో మళ్లీ పవర్ హాలిడే వచ్చినప్పుడు నేను నోరు తెరవకముందే మీరంతా ఒకటో నంబరు దగ్గరికి నడిచారు, ఆ రోజు నాకు షెడ్డులో పనే లేకపోయిందని చెప్పాను. డాఫర్లు నవ్వారు.

గేటు దగ్గరి జాబితా సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు పూడుకుపోయింది. "నేను పేరు కొట్టేసినవాళ్లు ఇక్కడ ఉంటే..." అని మొదలెట్టాను. తర్వాతి మాట రాలేదు. ఎవరో వెనక నుంచి "బస్సు సార్!" అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. హిందీ నాలుగు వాక్యాల్లో రెండే చెప్పగలిగాను. 'షుక్రియా' అనబోయి 'శుక్రవారం' అన్నానని తర్వాత ఒడిశా కుర్రాళ్లు ఆట పట్టించారు.

జనం బస్సెక్కుతుంటే పెద్దమ్మ కోడలు దగ్గరికొచ్చింది. ఏమీ అనలేదు. రెండు వేళ్లు కత్తెరలా ఆడించి, తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పింది, పోగు అతుక్కుందన్నట్టు. లోపలికి పోయింది.

శాలువా బల్ల మీదే వదిలేసి నేనూ లోపలికి వెళ్లాను, ఆ పూట పుస్తకంలో సంతకం చేయాలి కదా. బీ షిఫ్టు సూపర్వైజరు పెన్ను ఇచ్చాడు. రాశాను: '7వ నంబరు ఫ్రేము, 412వ స్పిండిల్, టేపు జారుతోంది. నూలు వదులుగా వస్తోంది. ముందు అది చూడగలరు.'