ఒక్క చుక్క తేడా

ఉదయం నుంచి విజయనగరంలో ముసురు. గంటస్తంభం దగ్గర ఆటోలు కదలక పిల్లలు ఆలస్యంగా వచ్చారు. వచ్చినవాళ్లతోనే ప్రాక్టికల్ మొదలుపెట్టాను: బీకరులో 25 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం, బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, రెండూ 0.1 మోలార్. పీహెచ్ మీటరు 2.9 చూపించింది.

మొదట్లో చకచకా పెరిగిన పీహెచ్ తర్వాత బద్ధకంగా నడిచింది, 24 మి.లీ. దాటాక ఒక్కసారిగా లేచింది. అక్కడ ఒక అమ్మాయి ఆపింది. "మేడం, ఆమ్లం, క్షారం సరిసమానమైతే తటస్థమే కదా! 7 దగ్గర తుల్య బిందువు గుర్తించనా?"

వద్దన్నాను. ఆ క్షణానికి బీకరులో మిగిలేది సోడియం ఎసిటేట్. ఎసిటేట్ నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది, కాబట్టి ద్రావణం కాస్త క్షారంగానే ఉంటుంది. ఘనపరిమాణం రెట్టింపై ఎసిటేట్ గాఢత 0.05 మోలార్ అయింది. లెక్క కడితే పీహెచ్ 8.73.

ఇంకో బృందానికి 9.4 వచ్చింది. మీటరు చెడిపోయిందని వాళ్ల అనుమానం. చెడలేదు. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ. తుల్య బిందువుకు ఒక చుక్క ముందు పీహెచ్ 7.46, ఒక చుక్క తర్వాత 10. అంత నిటారు గోడ మీద పీహెచ్ అంకెను పట్టుకోవడం ఎవరి తరం? ఘనపరిమాణాన్ని మాత్రం నిశ్చింతగా నమ్మవచ్చు. ఏ రెండు రీడింగుల మధ్య పీహెచ్ పెరుగుదల అన్నిటికన్నా ఎక్కువో చూస్తే 25 దానంతట అదే దొరుకుతుంది.

దానిలో సగం, 12.5 మి.లీ. దగ్గర కథ తలకిందులు. అక్కడ మిగిలిన ఆమ్లం, తయారైన ఎసిటేట్ సమానం. ఆమ్లపు బలాన్ని చెప్పే పీకేఏకు ఎసిటేట్, ఆమ్లాల నిష్పత్తి లాగరిథం కలిపితే పీహెచ్ వస్తుంది. ఇక్కడ ఆ నిష్పత్తి 1, లాగరిథం సున్నా. అందుకే పీహెచ్ నేరుగా ఆమ్లపు పీకేఏ అవుతుంది, 4.76. పీహెచ్ మార్పును అడ్డుకునే బఫర్ కనుక వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. అర మి.లీ. తక్కువ పోసినా పీహెచ్ తగ్గేది 0.03 మాత్రమే. నాకు ఈ ప్రయోగంలో అసలు ఇష్టమైన చోటు ఇదే, పిల్లలందరూ ఎదురుచూసేది మాత్రం ఆ గోడ కోసం.

రికార్డులు దిద్దుతుంటే ఒకచోట అర్ధ తుల్య బిందువు పీహెచ్ 4.37 అని ఉంది. ఆ అబ్బాయి 8.73ను సగం చేశాడు! సగం చేయవలసింది ఘనపరిమాణాన్ని. పీహెచ్‌ను ఆ 12.5 దగ్గర గ్రాఫులో చదవాలి. జవాబు అసలుకు దగ్గరగా కనిపించడమే చిక్కు: 0.4 తేడా చిన్నదిగా తోస్తుంది గానీ, పీకేఏ లాగరిథం అంకె కనుక దాని నుంచి లెక్కకట్టే ఆమ్ల వియోజన స్థిరాంకం రెండున్నర రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఆ అబ్బాయి బృందం పట్టికలో 24 తర్వాత రీడింగ్ 25, ఆ తర్వాత 26. గోడ మొత్తం రెండు అంగల్లో దాటేశారు. రేపటి బ్యాచ్ కోసం 23.5 నుంచి 0.1 మి.లీ. చొప్పున మాత్రమే వదలాలని బోర్డు మీద రాసి వచ్చాను.