రాత్రి తొమ్మిదికి వేసుకున్న గోలీ

కాజీపేటలో గూడ్స్ లోకో పైలట్‌ను. పోయిన వానాకాలం ఒంటి నిండా దద్దుర్లు వచ్చాయి. ముందు మోకాళ్ల వెనక, తర్వాత నడుము, వీపు, చివరికి అరచేతులు కూడా. పగలు కొంచెం తగ్గేవి, రాత్రి దుప్పటి కప్పుకుంటే చాలు మళ్లీ లేచేవి. రెండు రాత్రులు కన్ను మూయలేదు. శుక్రవారం సాయంత్రం మా ఇంటి దగ్గర ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గరికి పోతే, ఒక ఇంజక్షన్ వేసి, పది గోలీలు రాసిచ్చాడు. హైడ్రాక్సిజిన్, 25 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు ఒకటి. నేను ఏం పని చేస్తానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మెడికల్ షాపు అబ్బాయి మాత్రం "నిద్ర వస్తది అన్నా" అన్నాడు. నాకు కావాల్సింది అదే కదా అనుకున్నా.

నిజంగానే ఆ రాత్రి చచ్చినట్టు పడుకున్నా. శనివారం రాత్రి ఇంకోటి, ఆదివారం రాత్రి తొమ్మిదికి ఇంకోటి. శని, ఆది రెండు రోజులూ నాకు రెస్టే. సోమవారం తెల్లవారుజామున మూడున్నరకు, మాకు డ్యూటీలు వేసే లాబీ నుంచి కాల్ వచ్చింది, ఐదున్నరకు సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కినట్టు సంతకం, రామగుండం వైపు ఖాళీ బొగ్గు వ్యాగన్ల బండి. మా ఉద్యోగంలో "రాత్రి గోలీ" అనే మాటకు పెద్దగా అర్థం లేదు, మనకు రాత్రి ఎప్పుడో, పొద్దున ఎప్పుడో ఆ కాల్ వచ్చేదాకా తెలియదు.

ఇక్కడ నేను ఒక లెక్క వేసుకున్నా, అది చెప్పాలి. రైల్వే జనరల్ రూల్స్‌లో బండ్లు నడిపే వాళ్ల గురించి ఒక రూల్ ఉంది, డ్యూటీకి ముందు 8 గంటల్లోపు మద్యం, మత్తు మందు, నిద్ర తెచ్చే మందు ఏదీ తీసుకోకూడదు అని. మందు తాగిన వాళ్ల కోసమే ఆ రూల్ అని మనలో చాలామంది అనుకుంటాం కానీ గోలీలు కూడా అందులో ఉన్నాయి. తొమ్మిదికి వేసుకున్నా, ఐదున్నరకు సైన్ ఆన్, ఎనిమిదిన్నర గంటలు. రూల్ దాటలేదు. బ్రెత్ అనలైజర్ ఊదితే సున్నా. అది పసిగట్టేది మద్యాన్ని ఒక్కటే, గోలీ సంగతి దానికి తెలియదు. నిద్ర మత్తు కూడా ఏమీ అనిపించలేదు, మూడు రాత్రులు బాగా పడుకున్నా కాబట్టి ఒళ్లు తేలిగ్గానే ఉంది. నోరు ఎండిపోతోంది, అంతే.

జమ్మికుంట దాటాక జరిగింది. స్టేషన్ పేరు చెప్పను. దూరంగా డబుల్ ఎల్లో పడింది, అంటే ఇక వేగం తగ్గించుకుంటూ పోవాలి. నా అసిస్టెంట్ చెయ్యి చాపి "డబుల్ ఎల్లో" అన్నాడు, నేనూ "డబుల్ ఎల్లో" అన్నా. మా పని తెలియని వాళ్ల కోసం: సిగ్నల్ రంగు ఇద్దరం చూసి, ఇద్దరం పైకి పలకాలి, ఒకరి కన్ను తప్పినా ఇంకొకరిది పట్టుకుంటుందని. నేను పలికాను. కానీ బ్రేక్ మీదికి చెయ్యి పోలేదు. ఎన్ని సెకన్లో నేను చెప్పలేను. అసిస్టెంట్ నా మొఖం వైపు చూసి "అన్నా, బ్రేక్" అన్నప్పుడు చెయ్యి కదిలింది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. స్టేషన్‌కు ముందుండే హోమ్ సిగ్నల్‌కు చాలా ముందే ఆగాం, ఎర్ర సిగ్నల్ దాటలేదు, రాసుకోవడానికి ఏమీ లేదు. కానీ అది పలికింది నా కన్ను కాదు, నా నోరు. అసిస్టెంట్ మాటను తిరిగి అనేశాను, అంతే. నన్ను భయపెట్టింది అదే.

ఇంజన్లో విసిడి ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. 60 సెకన్లపాటు మనం ఏదీ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ పలకకపోతే బ్రేకులు అవే పడతాయి. ఆ రోజు అది ఒక్కసారి కూడా అరవలేదు. హారన్ కొడుతూనే ఉన్నా, హ్యాండిల్ కదుపుతూనే ఉన్నా. అది నిద్రపోయిన మనిషిని పట్టుకోవడానికి చేసిన పరికరం. మెలకువగా ఉండి ఆలస్యంగా ఆలోచించే మనిషిని అది పట్టుకోలేదు.

రామగుండంలో దిగాక అసిస్టెంట్ ఏమీ అనలేదు. టీ తాగేటప్పుడు మాత్రం "ఒంట్లో బాలేదా అన్నా?" అన్నాడు. లాబీలో జ్వరంగా ఉంది, తిరుగు బండి చేయలేను అని చెప్పా. జ్వరం అబద్ధం. గోలీ మాట ఎత్తలేదు. ప్యాసింజర్ ఎక్కి ఇంటికి వచ్చా.

ఎందుకు ఎత్తలేదు అంటే, రన్నింగ్ స్టాఫ్‌కు ఇది అర్థమవుతుంది. సిక్‌లో పడితే కిలోమీటరేజి, అంటే బండి నడిపిన కిలోమీటర్ల లెక్కన వచ్చే భత్యం, రాదు. దాని మీదే కదా పిల్లల ఫీజులు. రెండోది ఇంకా పెద్ద భయం, ఇంజన్ నడపడానికి ఉండాల్సిన ఏ-వన్ మెడికల్ కేటగిరీ పోతుందేమో అని. నిద్ర గోలీలు వేసుకునేవాడు అని ఒక్కసారి రికార్డులో పడితే ఇక ఇంజన్ ఎక్కనివ్వరు అని మా వాళ్లలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మా బ్యాచ్ వాడొకడికి ఫోన్ చేస్తే "నీకేమన్నా పిచ్చా, గోలీ మానేయ్, అయిపాయె, చెప్పుడెందుకు" అన్నాడు. మా ఇంటామె మాత్రం వేరేగా అన్నది. "మానేస్తివి సరే, లోపల ఎంతుందో వానికి తెలుసా, నీకు తెలుసా?"

తెలియదు. మంగళవారం పొద్దున రైల్వే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పా, డబుల్ ఎల్లో సంగతితో సహా.

ఆమె మందు పేరు వినగానే అడిగింది రెండే: ఎన్ని రాత్రులు, చివరిది ఎప్పుడు. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. పెద్దవాళ్లలో ఈ మందు సగం తగ్గడానికి సుమారు 20 గంటలు పడుతుంది. అంటే రాత్రి తొమ్మిదికి 25 వేసుకుంటే పొద్దున ఐదున్నరకు ఇంకా 18, 19 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పోయింది పావు వంతే. మర్నాడు రాత్రి తొమ్మిదికి అది 11 దగ్గరికి వస్తుంది, దాని మీద ఇంకో 25 వేస్తాం. మూడో రాత్రి గోలీ పడేసరికి ఒంట్లో 40. సోమవారం ఐదున్నరకు, నేను సంతకం పెట్టి ఇంజన్ ఎక్కినప్పుడు, 30. ఒక గోలీలో ఉండేదే 25. అంటే రూల్ ప్రకారం ఎనిమిదిన్నర గంటలు ఆగి, ఒక గోలీ కంటే ఎక్కువ మందు ఒంట్లో పెట్టుకుని బండి నడిపా. ఇది మోటు లెక్క, మనిషి మనిషికీ మారుతుంది, వయసు మీద పడినవాళ్లలో ఇంకా మెల్లగా పోతుంది అని ఆమే చెప్పింది. పైగా ఈ మందు ఒంట్లో సెటిరిజిన్‌గా మారుతుందట, మనం జలుబుకు వేసుకునే అదే సెటిరిజిన్. దానికీ కొంత మత్తు ఉంది.

"మరి నాకు నిద్ర రాలేదు కదమ్మా" అన్నా. నేను నమ్ముకున్నది దాన్నే. అప్పుడు ఆమె ఒక పరీక్ష గురించి చెప్పింది. 2000లో అమెరికాలోని అయోవాలో 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టారు. ఒకసారి డైఫెన్‌హైడ్రమైన్ అనే పాత రకం అలర్జీ మందు 50 మిల్లీగ్రాములు, ఒకసారి మద్యం, ఒకసారి ఫెక్సోఫెనాడిన్ అనే కొత్త రకం అలర్జీ మందు, ఒకసారి మందే లేని ఉత్త గోలీ. అన్నిట్లోకి డ్రైవింగ్ పాడైంది పాత అలర్జీ మందు మీదే, మద్యం కంటే కూడా. ఫెక్సోఫెనాడిన్ మీద ఉత్త గోలీ మీద నడిపినట్టే నడిపారు. నాకు తగిలింది ఇంకోటి: ఎవరికి ఎంత నిద్ర వస్తున్నట్టు అనిపించిందో దాన్ని బట్టి ఎవరు ఎంత చెడ్డగా నడుపుతారో చెప్పడం కుదరలేదు. మత్తు తెలియడం వేరు, చెయ్యి ఆలస్యం కావడం వేరు. అమెరికాలో ఆ డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్న పైలట్లను 60 గంటలు విమానం ముట్టవద్దంటారట, మన 8 గంటలు గుర్తొచ్చి ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆమె పెట్టిన కొలత ఇది: సగమయ్యే సమయానికి ఐదు రెట్లు ఆగాలి, అప్పటికి ఒంట్లో 3 శాతం మిగులుతుంది. ఐదు ఇరవైలు వంద గంటలు. ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి లెక్కపెడితే శుక్రవారం తెల్లవారుజామున ఒంటిగంట. సిక్ మెమో రాసి, ఫెక్సోఫెనాడిన్ 180 రోజుకొకటి ఇచ్చింది. ఇది మెదడులోకి పెద్దగా పోదు. నీళ్లతోనే వేసుకో, పళ్ల రసంతో వద్దు, మందు సరిగా ఎక్కదు అన్నది. మొదటి రోజులు ఇంట్లోనే వేసుకుని చూడు, దద్దుర్లు ఆగకపోతే రాత్రిళ్లు నిద్ర ఉండదు, నిద్ర లేని డ్రైవర్ కూడా నాకు అన్‌ఫిట్టే అన్నది. ఆ మాట ముందు నాకు తట్టలేదు, గోలీ మానేసి దురదతో బండి ఎక్కితే సరిపోతుంది అనే అనుకున్నా.

లాబీకి ఏం చెప్పాలి అంటే, ఏమీ చెప్పక్కర్లేదట. వాళ్లకు కావాల్సింది నేను ఫిట్టా కాదా, ఎప్పటిదాకా, అంతే. ఏ రోగం, ఏ గోలీ అనేది డాక్టర్ దగ్గర ఉంటుంది. కేటగిరీ గురించి కూడా అడిగేశా. వారం రోజుల దద్దుర్లకు ఎవరి కేటగిరీ పోదయ్యా, రోజూ మత్తు మందు లేకుండా కుదరని జబ్బు అయితే అది వేరే విషయం, అప్పుడు కూడా ఉద్యోగం పోదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అదే జీతం స్కేలుతో వేరే పని చూపించాలి అన్నది. నాకు సగం బరువు దిగింది. సగమే, ఎందుకంటే ఇంజన్ దిగి వేరే పని చేయడం అంటే కిలోమీటరేజి లేకుండా బతకడం, చట్టం దానికి ఏం చేస్తుంది. చెప్పకుండా ఉండే వాళ్లను నేను పూర్తిగా తప్పు పట్టలేను. కానీ డాక్టర్‌కు కూడా చెప్పకపోవడం మాత్రం తప్పే అంటాను, లెక్క వేయగలిగేది అక్కడ ఒక్కరే.

శనివారం ఫిట్ ఇచ్చారు. దద్దుర్లు ఇంకో మూడు వారాలు వస్తూ పోతూ ఉండి, వాటంతట అవే పోయాయి, ఎందుకు వచ్చాయో ఇప్పటికీ తెలియదు. ఆ నెల జీతం స్లిప్ చూసి మా ఇంటామె ఏమీ అనలేదు.

మొన్న ఆ అసిస్టెంటే ఫోన్ చేశాడు, రాత్రి పదకొండుకు. "అన్నా, జలుబుకు మధ్యాహ్నం ఒక గోలీ వేసుకున్న, ఇప్పుడు కాల్ వచ్చింది, ఏం గాదు కదా?" స్ట్రిప్ వెనక చదవమన్నా. పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్, తర్వాత కొంచెం తడుముకుని, క్లోర్‌ఫెనిరమైన్. అది కూడా పాత రకమే, అది కూడా సగం కావడానికి సుమారు ఒక రోజు తీసుకునేదే. పోకు, లాబీకి చేసి ఒంట్లో బాలేదు అని చెప్పి, పొద్దున డాక్టర్ దగ్గరికి పో అన్నా. "జలుబు గోలీకి కూడానా అన్నా" అన్నాడు. కోపంగానే ఉన్నాడు. సరేననీ అనలేదు, కాదనీ అనలేదు, పెట్టేశాడు.