కోరం 16 మందా, 27 మందా?

పొద్దున టిఫిన్ల హడావుడి అయ్యాక కార్యదర్శి గారు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బైలాల ప్రింటు ఇచ్చి వెళ్లారు. "అచ్చుతప్పులు చూసి పెట్టమ్మా, సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి" అన్నారు. మధ్యాహ్నమంతా దానితోనే గడిచింది.

ముందు నంబర్లు పట్టుకున్నాను. అద్దెకుండేవాళ్ల గురించి ఈసారి కొత్తగా 7వ నిబంధన చేర్చారు. ఆ తర్వాతవన్నీ ఒక్కో అంకె కిందికి జరిగాయి. వరుస నంబర్లు కంప్యూటరే సరిచేసుకుంది కానీ, వాక్యం మధ్యలో చేత్తో టైపు చేసినవి ఎక్కడివక్కడే ఉన్నాయి. "11వ నిబంధన ప్రకారం సభ్యత్వం కోల్పోయినవారు" అని ఉంది. తిప్పి చూస్తే 11లో బ్యాంకు ఖాతా సంగతి, సభ్యత్వం రద్దు 12లో. ఇలాంటివి చదువుకుంటూ పోతే కంటికి ఆనవు. అందుకే "నిబంధన" అన్న మాట కనబడ్డ ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టి, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి సరిచూశాను.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది "సభ్యుడు". నిర్వచనాల్లో "సభ్యుడు అనగా ఫ్లాటు యజమాని" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మాకు 48 ఫ్లాట్లు. వాటిలో 31 భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టరయ్యాయి. ఆ లెక్కన యజమానులు 79 మంది. కోరం "సభ్యులలో మూడింట ఒక వంతు". ఫ్లాటుకొకరైతే 16 మంది వస్తే సమావేశం చెల్లుతుంది, యజమానులందరినీ లెక్కేస్తే 27 మంది రావాలి. 18వ నిబంధనలో మాత్రం ఫ్లాటుకు ఒకే ఓటు అన్నారు. ఇరవై మంది కూర్చుని మెయింటెనెన్సు పెంచితే, ఆ తీర్మానం చెల్లదని ఎవరైనా అనొచ్చు, వాళ్ల వాదనకు ఆధారం మన కాగితంలోనే ఉంటుంది.

మన గౌరవ బహువచనం తెచ్చే చిక్కు ఇంకొకటి. "కార్యదర్శులు చెక్కుపై సంతకం చేయవలెను" అని రాశారు. మర్యాదకు అన్నారా, సహాయ కార్యదర్శిని కూడా కలిపి ఇద్దరూ చేయాలా? "కార్యదర్శి" అని ఏకవచనంలోకి మార్చి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆడిట్ దగ్గర "చేయించవచ్చును" అని ఉంది. అలా ఉంటే చేయించకపోయినా తప్పు పట్టలేం. దాన్ని మాత్రం దిద్దలేదు, పెన్సిలుతో గీత గీసి వదిలేశాను. "వలెను" కావాలో "వచ్చును" కావాలో కమిటీయే చెప్పాలి.

సాయంత్రం కార్యదర్శి గారికి 16, 27 లెక్క చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "మనసులో ఫ్లాటుకొకరే అనుకున్నామమ్మా" అన్నారు. "అయితే ఆ మాటే నిర్వచనంలో రాయండి సార్. ఇద్దరి పేరున ఉంటే, వాళ్లు రాతపూర్వకంగా తెలిపిన ఒకరే సభ్యులని" అన్నాను. ఆదివారం కమిటీలో పెడతానన్నారు. అంతవరకు నిర్వచనాలున్న 2వ నిబంధన ఖాళీగా ఉంచి మిగతాది టైపుకు ఇచ్చాను.